పద్దెనిమిది, నలభై ఎనిమిది

నాకు ముక్కు మీద కోపం. ఇది నేను గొప్పగా చెప్పుకునే మాట కాదు, మా ఇంట్లో అందరూ అనే మాట. మా బాపు నన్ను పేరు పెట్టి పిలిచిన రోజులకన్నా మిరపకాయ అని పిలిచిన రోజులే ఎక్కువ. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం దొరికాక ఆ కోపానికి కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా దొరికింది.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో పని చేసేదాన్ని. నాకు ఒక పేరుండేది. మిషన్ అక్కర లేకుండా, కాగితం మీదనే ప్రోగ్రాంలో తప్పు పట్టేస్తానని. పిల్లలు ఒకే తప్పు ఏటేటా చేసేవాళ్ళు. ఫంక్షన్ తనను తానే పిలుచుకునే చోట, వచ్చిన జవాబును వెనక్కి పంపే రిటర్న్ అనే మాట రాయడం మర్చిపోయేవాళ్ళు. తమాషా ఏమిటంటే, ల్యాబులో కొన్ని మిషన్ల మీద ఆ తప్పు ప్రోగ్రాంకు కూడా అదృష్టం కొద్దీ సరైన జవాబే వచ్చేది. పిల్లలు వచ్చింది మేడం అని గంతులేసేవాళ్ళు. నేను తెరవైపు చూడకుండా, కాగితం మీద ఆ లైను కింద ఎర్రగీత గీసి, 'జవాబు నీకు రాలేదు, దానంతటదే వచ్చింది' అనేదాన్ని. పిల్లల ముఖాలు వాడిపోయేవి. నాకు లోపల బాగుండేది. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, కాని అబద్ధం ఎందుకు, బాగుండేది.

కొన్నేళ్ళ కింద, సెమిస్టర్ ప్రాక్టికల్స్‌కు భూపాలపల్లిలో ఒక కాలేజీకి నన్ను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. పొద్దున్నే బయలుదేరి, హన్మకొండలో బస్సు మారి, పదిన్నరకు చేరాను. కరెంటు తయారయ్యే ఊరు అది, ఊరవతల పెద్ద పొగగొట్టాలు కనబడతాయి. నేను పోయేసరికి ల్యాబులో మాత్రం కరెంటు లేదు. లైను ఎక్కడో తెగిందట, సాయంత్రం దాకా రాదట. ముప్పై మంది పిల్లలు రికార్డు పుస్తకాలు ఛాతీకి అదుముకుని వరండాలో నిలబడి ఉన్నారు.

'పేపర్ మీదనే చూద్దాం మేడం, మీరైతే మిషన్ లేకున్నా చూస్తరని విన్న' అన్నాడు అక్కడి లెక్చరర్. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నవాడు, నాలాగే కాంట్రాక్టు. ఆ పొగడ్త నాకు బాగానే ఎక్కింది.

పిల్లలను లోపలికి పిలిచే ముందు అతను నా దగ్గరికి వచ్చి మెల్లగా ఒక మాట అన్నాడు.

'మేడం, ఒక తండా పిల్ల ఉన్నది. మంచిగ చదువుతది. వాళ్ళ నాయిన, ఒక్కటంటే ఒక్క సబ్జెక్టు పోయినా చదువు బంద్ అన్నడు. మిర్చి ఏరనీకె తీస్కపోతడట. జర చూడుండ్రి.'

అతను చెడ్డగా ఏం అనలేదు. మార్కులు వేయమని కూడా అనలేదు. కాని నాకు రికమండేషన్ అంటే ఒళ్ళు మంట. మా కాలేజీలో ఎవరెవరికో ఎవరెవరో ఫోన్లు చేయించడం చూసీ చూసీ ఉన్నదాన్ని. 'నేను పేపర్‌ను చూస్తాను, మనిషిని కాదు' అన్నాను, పుస్తకాల భాషలో. అతను తల దించుకున్నాడు.

ప్రశ్నల చీటీలు మడిచి ఒక స్టీలు పళ్ళెంలో వేశారు. ఎవరికి ఏది వస్తే అది రాయాలి. నచ్చలేదని చీటీ మార్చుకుంటే ఐదు మార్కులు కోత. ఆ పిల్ల వంతు వచ్చింది. సన్నగా, నూనె పెట్టి గట్టిగా దువ్విన జడ, ముదురు ఆకుపచ్చ స్వెట్టర్. చీటీ విప్పి చూసి చిన్నగా నవ్వింది. రెండు సంఖ్యల గసాభా కనుక్కునే ప్రోగ్రాం, ఒకసారి లూపుతో, ఒకసారి రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతిలో. రెండింటినీ మిగలకుండా భాగించే అన్నిటికన్నా పెద్ద సంఖ్య, అదే గసాభా.

ఈ లెక్క నాకు కాలేజీకన్నా ముందే తెలుసు. మా బాపు మేస్త్రి. కొడకండ్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఇండ్లకు షాబాదు బండలు పరిచేవాడు. గది నలభై ఎనిమిది జానలు పొడవు, పద్దెనిమిది జానలు వెడల్పు అనుకుందాం. ముక్క వృథా పోకుండా అన్నీ ఒకే కొలత చదరపు బండలు పరవాలంటే ఎంత పెద్ద బండ పడుతుంది? బాపు సుద్దముక్కతో నేల మీద గీసేవాడు. పద్దెనిమిది జానల చదరాలు రెండు పడతాయి, పన్నెండు మిగులుతుంది. ఆ పన్నెండును పద్దెనిమిదిలో కొలిస్తే ఆరు మిగులుతుంది. ఆ ఆరుతో పన్నెండును కొలిస్తే ఏమీ మిగలదు. అయితే ఆరు జానల బండ. బాపుకు భాగహారం రాదు. మిగిలిన దానితో మళ్ళీ కొలువు, మిగలనంత వరకూ కొలువు, అంతే ఆయన చదువు.

ఆ పిల్ల అరగంటలో రాసి తెచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లూపు ఇలా ఉంది: బి సున్నా కానంత వరకు, ఎ ను బి తో భాగిస్తే వచ్చే శేషాన్ని పక్కన పెట్టు, ఎ లో బి ని వెయ్యి, బి లో ఆ శేషాన్ని వెయ్యి. బి సున్నా అయ్యాక ఎ లో ఉన్నదే జవాబు. రికర్షన్ ఇంకా పొట్టిగా ఉంది: బి సున్నా అయితే ఎ ని ఇచ్చెయ్యి. కాకపోతే బి ని, ఆ శేషాన్ని ఇచ్చి మళ్ళీ ఇదే ఫంక్షన్‌ను పిలువు, అది ఏం చెబితే అదే వెనక్కి ఇవ్వు. రిటర్న్ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నేను ఏటేటా పట్టుకునే తప్పు ఇక్కడ లేదు.

తప్పు కోసం వెతికాను. అవును, వెతికాను. పొద్దున విన్న ఆ 'జర చూడుండ్రి' ఇంకా చెవుల్లోనే ఉంది. వెతికితే దొరకనిదేముంది. నా నోట్సులో ఆ ప్రోగ్రాంకు ముందు మూడు లైన్లు ఉంటాయి. ఎ చిన్నదైతే రెండింటినీ తారుమారు చెయ్యాలి, పెద్దది పైకి, చిన్నది కిందికి. మా సార్ నాకు అట్లా చెప్పాడు, ఆయనకు వాళ్ళ సార్ అట్లా చెప్పి ఉంటాడు. ఈ పిల్ల రాసిన రెండింటిలోనూ ఆ మూడు లైన్లు లేవు.

'పెద్దదేదో చిన్నదేదో చూడకుండానే మొదలుపెట్టావేంటి?' అన్నాను.

'అవసరం లేదు మేడం. మొదటి సుట్టులనే అవే జాగలు మార్చుకుంటయి.'

'ఎవరు చెప్పారు?'

'ఎవ్వరు చెప్పలె మేడం. నేనే చేసి చూసిన.'

ఆ జవాబుకు నేను సంతోషపడాలి. ఏ మాస్టరుకైనా అంతకన్నా ఏం కావాలి? నేను మాత్రం ఎర్రపెన్ను తీశాను. వెనక ముప్పై మంది వింటున్నారని తెలిసి గొంతు కొంచెం పెంచాను కూడా.

'సరే, ఎ లో పద్దెనిమిది, బి లో నలభై ఎనిమిది ఇస్తున్నాను. పద్దెనిమిదిని నలభై ఎనిమిదితో భాగించు. ఎంత? సున్నా. బి లోకి సున్నా వచ్చింది. ఎ లోకి నలభై ఎనిమిది వచ్చింది. ఆగిపోయింది. జవాబు నలభై ఎనిమిది. పద్దెనిమిదిని నలభై ఎనిమిది భాగిస్తుందా?'

ఆ పిల్ల నా ముఖం వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసింది. భయపడింది, అయినా మాట్లాడింది.

'సున్న సార్లు పోతది మేడం. శేషం పద్దెనిమిదే కదా మేడం.'

అప్పుడు ఆగి ఉంటే సరిపోయేది. ఒక్క క్షణం. కాని నా నోరు నా బుర్రకన్నా ముందుంటుంది. 'నాకు పాఠం చెప్తావా?' అన్నాను. అక్కడి లెక్చరర్ 'మేడం, ఇంకొక్కసారి చూద్దమా' అన్నాడు. నేను అతని వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు. ఆ తర్వాత నేను అడిగిన నోటి ప్రశ్నలు వేటికీ ఆ పిల్ల జవాబు చెప్పలేదు. తెలియక కాదు, తెలిసి చెప్పినదానికి ఏమైందో అప్పుడే చూసింది కదా.

రెండు ప్రోగ్రాంలకూ సున్నా వేశాను. నోటి ప్రశ్నలకు సున్నా. అంతటితో ఊరుకోకుండా ఆమె రికార్డు పుస్తకం తెప్పించి, అదే ప్రోగ్రాం ఉన్న పేజీలో, మార్జిన్‌లో ఎర్రసిరాతో ఆ మూడు లైన్లూ నా చేత్తో రాసి, సంతకం పెట్టి, మిగిలిన పిల్లలకు ఎత్తి చూపించాను. 'ఇలా రాయాలి. ఇది లేకపోతే మార్కులు లేవు.' రికార్డుకు వేసినవన్నీ కలిపినా పాస్‌కు రెండు మార్కులు తక్కువ పడ్డాయి. మార్కుల షీటు మీద సంతకం పెట్టి అక్కడి లెక్చరర్‌కు ఇచ్చాను. ఐదింటికి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తానన్నాడు. ఒకసారి ఎక్కాక మారవు.

రెండు దాటాక బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు. పరకాల బస్టాండులో బస్సు చాలాసేపు ఆగింది. ఎదురుగా ఒక కొత్త షాపులో బండలు పరుస్తున్నారు. మేస్త్రి గుమ్మం దగ్గర టేపు పెట్టి వెడల్పు కొలిచి ఒక అంకె అరిచాడు, లోపలివాడు పొడవు కొలిచి ఇంకో అంకె అరిచాడు. ముందు చిన్న అంకె, తర్వాత పెద్ద అంకె. నాకు మా బాపు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నేను అడిగాను, 'బాపూ, ముందు పొడుగు కొలవాల్నా, ఎడల్పు కొలవాల్నా?' అని. బాపు నవ్వాడు. 'ఓ మిరపకాయా, గుమ్మం కాడికెల్లి కొలిస్తే ఒక గది, కిటికీ కాడికెల్లి కొలిస్తే ఇంకో గదా? ఎటుకెల్లి కొలిచినా గది గదే' అన్నాడు.

పద్దెనిమిదిని నలభై ఎనిమిదితో కొలవబోతే ఒక్కసారి కూడా పట్టదు. పట్టకపోతే మొత్తం పద్దెనిమిదీ అట్లాగే మిగులుతుంది. సున్నా అనేది ఎన్నిసార్లు పట్టిందో ఆ లెక్క. మిగిలిన లెక్క పద్దెనిమిది. అప్పుడు ఎ లోకి నలభై ఎనిమిది, బి లోకి పద్దెనిమిది. అవే జాగలు మార్చుకున్నాయి. ఆ పిల్ల సరిగ్గా అదే చెప్పింది, అవే మాటల్లో.

ఫోను తీసి చూశాను. నాలుగు కావడానికి పది నిమిషాలు. అక్కడి లెక్చరర్ నంబరు ఉంది. ఒక్క ఫోను చేసి, తప్పు నాది, షీటు ఆపు, రేపు పొద్దున వచ్చి దిద్దుతాను అంటే అయిపోయేది. నంబరు తెరిచి వేలు దాని మీద పెట్టాను కూడా. అప్పుడు మనసులోకి ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. శేషానికీ భాగఫలానికీ తేడా తెలియని ఎక్స్‌టర్నల్ అని రేపు అన్ని కాలేజీల్లో నవ్వుకుంటారు. వచ్చే ఏడు కాంట్రాక్టు పొడిగింపు ఉంది. ఆ ముప్పై మంది పిల్లలు. ఎత్తి చూపించిన ఆ పేజీ. బస్సు కదిలింది. తేలు కుట్టిన దొంగలా ఫోను సంచిలో వేసుకుని, కళ్ళు మూసుకుని, హన్మకొండ దాకా నిద్ర నటించాను. నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నటించాను.

నెల తర్వాత వేరే పని మీద ఆ లెక్చరర్ ఫోను చేసినప్పుడు, ఏమీ ఎరగనట్టు అడిగాను. 'ఆ పిల్లనా మేడం? రిజల్ట్ వచ్చినంక రాలె. మానుకోట దిక్కు మిర్చికి పోయిన్రట' అన్నాడు. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. అంటే ఆ పిల్ల వచ్చింది నేనుండే చోటికే.

అప్పటి నుంచి చలికాలం దాటితే నాకు భయం. మిరప తోటలు ఎర్రబడితే పొద్దున పూట కూలీల ఆటోలు మా వీధి చివర నుంచే పోతాయి. ఒక్కో ఆటోలో పది పన్నెండు మంది ఆడవాళ్ళు, ముఖాలకు తువ్వాలలు కట్టుకుని, కళ్ళు మాత్రమే కనబడుతూ. కాలేజీకి పోతూ ఆగి ప్రతి ఆటోలోకీ చూసేదాన్ని. ముదురు ఆకుపచ్చ స్వెట్టర్ కనబడితే ఆ ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేదాన్ని. ఒకసారి ఒకామె నన్ను తేరిపార చూసింది. ఆమె అవునో కాదో నాకు తెలియదు. నేనే ముఖం తిప్పుకున్నాను.

క్లాసులో గసాభా చెప్పాల్సి వచ్చినప్పుడు పద్దెనిమిది, నలభై ఎనిమిది తీసుకోవడం మానేశాను. ముప్పై ఆరు, అరవై అని రాసేదాన్ని. ఏం లాభం? వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే, రైల్లో టికెట్ చూపిస్తుంటే, చెవి పక్కనే ఎవరో అన్నట్టు వినబడేది: శేషం పద్దెనిమిదే కదా మేడం. కోపంతో కాదు, వాదనలా కాదు, నేను పడిపోతుంటే చెయ్యి పట్టి ఆపబోయినట్టు. అదే నన్ను ఎక్కువ కాల్చేది.

తర్వాత నా పని జనగామకు మారింది. మానుకోట నుంచి రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. జనగామలో లూపుకూ రికర్షన్‌కూ తేడా చెప్పమని ఒక పిల్ల అడిగింది. లూపుకు అంకెలు పెట్టుకోవడానికి ఎప్పుడూ అవే డబ్బాలు ఉంటాయి, పాత అంకె మీద కొత్త అంకె పడుతుంది, ముందు ఏముండేదో దానికి గుర్తుండదు అన్నాను. రికర్షన్‌లో ప్రతి పిలుపూ దాని అంకెలు అది పట్టుకుని, లోపలి పిలుపు తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటుంది అన్నాను. జవాబు వస్తే తప్ప ఏదీ కదలదు. ఆ మాట చెప్పి సుద్దముక్క బల్ల మీద పెట్టాను. మంచినీళ్ళు తాగి వస్తానని బయటికి పోయాను. నేను లూపులాగా బతుకుదామనుకున్నాను. నాతో కాలేదు.

ఈ ఏడు మళ్ళీ భూపాలపల్లికే ఎక్స్‌టర్నల్ పడింది. ఆరోగ్యం బాగాలేదని తప్పించుకోవచ్చు. రెండు రోజులు ఆలోచించి, పోయాను. అదే కాలేజీ, లెక్చరర్ మారాడు, కరెంటు ఉంది. మిషన్లన్నీ ఆన్‌లో ఉన్నాయి.

రికార్డులు కుప్పగా తెచ్చి నా ముందు పెట్టారు. మొదటిది తెరిచాను. గసాభా ప్రోగ్రాం పేజీలో, మొదట్లోనే ఆ మూడు లైన్లు. ఎ చిన్నదైతే తారుమారు చెయ్యి. రెండోది తెరిచాను. అవే మూడు లైన్లు, తారుమారు చెయ్యడానికి నేను వాడిన తాత్కాలిక డబ్బా పేరుతో సహా. మూడోది, నాలుగోది. పుస్తకాలన్నీ అట్లానే ఉన్నాయి. ఆ లైన్లు ఉంటే ప్రోగ్రాం చెడిపోదు, జవాబు సరిగ్గానే వస్తుంది. అవసరం మాత్రం లేదు. నా కోపం ఇంతమంది పిల్లల చేతిరాతల్లో, ఏడాది వెనక ఏడాది, నీలిసిరాతో అట్లా బతికే ఉంది.

ఒక పిల్లకు అదే చీటీ వచ్చింది. టైపు చేసింది, మూడు లైన్లతో సహా. దగ్గరికి పోయి, 'ఈ మూడు లైన్లు తీసేసి నడుపు' అన్నాను.

ఆ పిల్ల బెదిరిపోయింది. 'తీస్తే మార్కులు కట్ మేడం. ఎక్స్‌టర్నల్ మేడం చెప్పిన్రట. సీనియర్లందరు గట్లనే రాసిన్రు.'

'ఏ ఎక్స్‌టర్నల్ మేడం?'

'ఏమో మేడం. మేమందరం గా రికార్డు చూసే రాస్తం. ఎర్రపెన్నుతోని మేడం సంతకం ఉన్నది దాని మీద. అది రాసిన అక్క మా తండానే.'

అల్మారాలో నుంచి తెచ్చింది. అట్ట చిరిగి, దారంతో కుట్టిన పుస్తకం. చూసి రాసుకుని రాసుకుని అంచులు నల్లబడ్డాయి. ఆ పేజీ తెరిచాను. ముత్యాల్లాంటి ఆ అక్షరాలు. పక్కన మార్జిన్‌లో నా ఎర్ర అక్షరాలు, నా సంతకం. పేజీ అడుగున, ఎవరూ గమనించని చోట, పెన్సిలుతో చిన్నగా ఒక పట్టిక గీసి ఉంది.

పద్దెనిమిది, నలభై ఎనిమిది. దాని కింద నలభై ఎనిమిది, పద్దెనిమిది. దాని కింద పద్దెనిమిది, పన్నెండు. పన్నెండు, ఆరు. ఆరు, సున్నా. ఆ చివరి ఆరు చుట్టూ గుండ్రంగా ఒక గీత గీసి ఉంది. తిట్టు లేదు, ఫిర్యాదు లేదు. అంతే.

ఎర్రపెన్ను తీసి, నా మూడు లైన్లనూ నేనే కొట్టేశాను. 'వీటి అవసరం లేదు. ఈ విద్యార్థిని రాసింది సరైనది. తప్పు నాది' అని రాసి, సంతకం పెట్టాను. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. పక్కన నిలబడ్డ పిల్ల ఆ అక్షరాలు చదివి, నా ముఖం చూసి, 'గా మేడం మీరేనా?' అంది.

'నేనే. ఆ అక్క నంబరు ఉందా?'

ఆ పిల్ల లెక్చరర్ బల్ల మీద పెట్టిన తన ఫోను తెచ్చి కలిపింది. 'నర్సింహులపేట దిక్కు తోటల ఉన్నరు మేడం' అని, వాళ్ళ ఇంటి భాషలో రెండు మాటలు మాట్లాడి, ఫోను నాకిచ్చింది. అవతల గాలి, ఆడవాళ్ళ మాటలు, దూరంగా ట్రాక్టరు చప్పుడు.

నేను ఎవరో చెప్పాను. రికార్డు చూశానని చెప్పాను. 'నువ్వు రాసింది కరెక్టు. నేను తప్పు చేసిన, బిడ్డా' అన్నాను. ఇన్నేళ్ళు మోసిన మాట అంత చిన్నదిగా ఉంటుందని నాకు తెలియదు.

'తెల్సు మేడం' అంది. గొంతు మారలేదు, అదే నెమ్మది. తర్వాత అడిగింది. 'మీకెప్పుడు తెల్సింది మేడం?'

ఇప్పుడే, ఈ పుస్తకం చూశాకే అని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఆ పిల్ల నన్నే చూస్తోంది.

'అదే రోజు' అన్నాను. 'బస్సుల. పరకాల కాడ. నాలుగు కూడ కాలె.'

 

'నేను ఐదు దాక ల్యాబ్‌లనే కూసున్న మేడం' అంది. 'సార్ ఐదింటికి ఎక్కిస్తడని తెల్సు. గా పట్టిక అప్పుడే రాసిన. మీరు బస్సుల మళ్ళొకసారి లెక్క చేసుకుంటరు, ఫోన్ చేస్తరు అనుకున్న.'

ఎవరో ఆమెను పిలిచారు, సంచి నిండిందట.

'ఉంట మేడం' అని పెట్టేసింది.

ఫోను ఆ పిల్లకు తిరిగి ఇచ్చాను. ఆమె మిషన్ ముందు కూర్చుని, మూడు లైన్లూ తీసేసి, ఏ అంకెలు ఇవ్వాలని అడిగింది. పద్దెనిమిది, నలభై ఎనిమిది అన్నాను. ఆరు అని వచ్చింది.